మేస్త్రి బిల్లులో టీడీఎస్: ఈఆర్‌పీలో పరిమితి, రేటు, సర్టిఫికెట్ సెట్ చేసే పద్ధతి

వరంగల్ చుట్టుపక్కల పత్తి సీజన్ మొదలైతే జిన్నింగ్ మిల్లు అకౌంట్స్ రూములో రోజూ వచ్చే బిల్లు లేబర్ మేస్త్రిదే. దించిన పత్తికి ఒకటి, బేళ్లు ఎక్కించినందుకు ఒకటి, షెడ్డు శుభ్రం చేయించినందుకు ఇంకొకటి. ఒక్కొక్కటీ చిన్న మొత్తమే. కానీ టీడీఎస్ లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. కోట్ల రూపాయల పత్తి కొనుగోళ్ల మీద అందరి కళ్లూ ఉంటాయి, ఇరవై వేల మేస్త్రి బిల్లును ఎవరూ రెండోసారి చూడరు.

నేను లెక్కలు చూసే ఒక మిల్లులో ఇలాగే జరిగింది. ఒకే మేస్త్రికి ఈఆర్‌పీలో రెండు సప్లయర్ ఖాతాలు ఉన్నాయి. ఒకటి అతని పేరు మీద, రెండోది అదే పేరు చివర "లోడింగ్" అని తగిలించి. ఏడాదిలో మొదటి దాంట్లో 70,000, రెండో దాంట్లో 60,000 బిల్లులు పడ్డాయి. ఏ బిల్లూ 30,000 దాటలేదు, ఏ ఖాతా లక్ష దాటలేదు. సిస్టమ్ ఒక్క రూపాయి కూడా కట్ చేయలేదు. ఆడిట్‌లో రెండు ఖాతాలదీ ఒకటే పాన్ అని బయటపడింది. కట్ చేయాల్సింది 1,300 రూపాయలు. చేయనందుకు ఆ 1,30,000 ఖర్చులో 30 శాతం, అంటే 39,000, ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోలేదు. భాగస్వామ్య సంస్థకు పన్ను, సెస్సు కలిపి 31.2 శాతం కాబట్టి ఆ ఏడాది మీద పడ్డ భారం 12,168. తర్వాత టీడీఎస్ కడితే, కట్టిన ఏడాదిలో ఆ ఖర్చు తిరిగి చూపుకోవచ్చు, నిజమే. కానీ ఆ రోజు సేటు ముందు కూర్చుని వివరించింది నేను.

అందుకే ఇక్కడ అన్ని సెక్షన్లూ చెప్పను. కాంట్రాక్టు పనుల సెక్షన్ 194సి ఒక్కటే తీసుకుని, ఈఆర్‌పీనెక్స్ట్ వెర్షన్ 15లో ఎలా అమర్చాలో, ఎక్కడ తడబడుతుందో చూద్దాం. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి, ఈ కోతలన్నీ సెక్షన్ 393 కిందికి చేరాయి. కాంట్రాక్టు పనులకు రేటు, పరిమితి అవే. మారేది సెక్షన్ పేరు, ఫారాల నంబర్లు. దాన్ని ఈఆర్‌పీలో ఎలా పెట్టాలో సందర్భం వచ్చినప్పుడు చెప్తాను.

ముందు పాన్, తర్వాతే సెట్టింగ్

కేటగిరీలు తయారు చేసే ముందు సప్లయర్ జాబితా మొత్తం ఎక్సెల్‌లోకి దించి, పాన్ కాలమ్‌తో సార్ట్ చేయండి. చూడాల్సినవి మూడు.

మొదటిది, ఒకే పాన్ రెండుసార్లు కనిపిస్తోందా అని. పాన్ రెండు ఖాతాల్లోనూ నింపి ఉంటే ఈఆర్‌పీనెక్స్ట్ పరిమితి చూసేటప్పుడు ఆ పాన్ ఉన్న సప్లయర్లందరి బిల్లులూ కలిపే లెక్కిస్తుంది. మా మిల్లులో రెండో ఖాతాలో పాన్ గడి ఖాళీగా ఉంది, అదే కొంప ముంచింది. వీలైతే రెండు ఖాతాలనూ ఒకటి చేయండి, లేదంటే కనీసం పాన్ నింపండి.

రెండోది, పాన్‌లో నాలుగో అక్షరం. అది `P` అయితే వ్యక్తి, `H` అయితే ఉమ్మడి హిందూ కుటుంబం. ఈ ఇద్దరికీ కోత 1 శాతం. `F` అంటే భాగస్వామ్య సంస్థ, `C` అంటే కంపెనీ. వీటికి, మిగతా అందరికీ 2 శాతం. బోర్డు మీద "ఎంటర్‌ప్రైజెస్" అని ఉందని 2 శాతం పెట్టేస్తుంటారు. ఒక్క మనిషి నడిపే ఎంటర్‌ప్రైజెస్ అయితే పాన్ ఆ మనిషిదే, నాలుగో అక్షరం `P`, రేటు 1 శాతం. బిల్లు మీది పేరును కాదు, నాలుగో అక్షరాన్ని నమ్మండి.

మూడోది, అసలు పాన్ ఇవ్వనివాళ్లు. వాళ్లకు 20 శాతం. ఆధార్‌తో లింక్ కాక పనిచేయకుండా పోయిన పాన్‌కూ అదే గతి. సీజన్ మొదట్లోనే మేస్త్రిని పిలిచి ఈ మాట చెప్పండి. 20 శాతం అన్నాక పాన్ రెండు రోజుల్లో వస్తుంది.

ఇంకొక ముక్క. కూలీలకు మిల్లే నేరుగా రోజు కూలి ఇస్తుంటే అది కాంట్రాక్టు కాదు, ఈ సెక్షన్ రాదు. మేస్త్రి మనుషులను తెచ్చి, పని చేయించి, తన పేరు మీద బిల్లు ఇస్తేనే ఇదంతా.

లెడ్జర్, కేటగిరీ

అకౌంట్స్ చార్టులో `Duties and Taxes` కింద టీడీఎస్‌కు ఒక లెడ్జర్ తెరవండి, `Account Type` దగ్గర `Tax` ఎంచుకోండి. ఒక్కో సెక్షన్‌కు ఒక్కో లెడ్జర్ ఉంటే నెలాఖరులో చలాన్ కట్టేటప్పుడు వెతుకులాట ఉండదు. అద్దెది, ఆడిటర్ ఫీజుది, మేస్త్రిది అన్నీ ఒకే గంపలో వేస్తే మార్చిలో విడదీయలేక చస్తాం.

తర్వాత `Tax Withholding Category` తెరిచి మూడు కేటగిరీలు చేయండి: 1 శాతానికి ఒకటి, 2 శాతానికి ఒకటి, పాన్ లేనివాళ్లకు 20 శాతంతో ఒకటి. మొదటిది ఇలా ఉంటుంది:

```
Name: TDS - 194C - Individual
From Date: 2025-04-01
To Date: 2026-03-31
Tax Withholding Rate: 1
Single Transaction Threshold: 30000
Cumulative Transaction Threshold: 100000
```

కింద కంపెనీ పేరు, ఇందాక తెరిచిన లెడ్జర్ ఇవ్వాలి. రూపాయిలకు సర్దే టిక్కు `Round Off Tax Amount` పెట్టండి. `Only Deduct Tax On Excess Amount` అన్న టిక్కు మాత్రం ఇక్కడ పెట్టకూడదు. అది పరిమితి దాటిన పైమొత్తం మీద మాత్రమే కట్ చేయమని చెప్పడం. ఏడాదికి 50 లక్షలు దాటిన సరుకు కొనుగోళ్ల మీద 0.1 శాతం కోసే 194క్యూకి అది సరిపోతుంది. కాంట్రాక్టు పనికి పరిమితి దాటితే మొదటి రూపాయి నుంచీ కోత ఉంటుంది. ఈ ఒక్క టిక్కు పొరపాటున పడి ఏడాదంతా తక్కువ కట్ అయిన చోట్లు చూశాను.

తేదీల గడులు తేలిగ్గా తీసుకోవద్దు. ఏడాది మొత్తానికి లక్ష దాటిందా అని చూసేటప్పుడు సిస్టమ్ ఆ వరుసలోని `From Date` నుంచి `To Date` దాకా ఉన్న బిల్లులనే కూడుతుంది. కాబట్టి ఒకే ఏడాదిని రెండు వరుసలుగా విరిస్తే రెండో వరుస మొదలైన రోజు కూడిక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2024 అక్టోబర్ 1న కమీషన్ మీద రేటు 5 నుంచి 2 శాతానికి తగ్గినప్పుడు చాలామంది ఇలాగే వరుస విరిచారు. రేటు సరిగ్గా పడింది, పరిమితి లెక్క మాత్రం చెదిరింది. అలా మధ్యలో విరవక తప్పనప్పుడు, ఆ పార్టీల మొదటి సగం మొత్తాలు ఒక కాగితం మీద పెట్టుకుని చేత్తో సరిచూడాలి. ఏడాది మధ్యలో పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఈఆర్‌పీకి మారినా ఇదే జాగ్రత్త. పాత సాఫ్ట్‌వేర్‌లో పడ్డ బిల్లుల సంగతి కొత్తదానికి తెలియదు.

కొత్త ఏడాదికి మాత్రం ఎప్పుడూ కొత్త వరుసే. పాత వరుసలో అంకెలు దిద్దితే, పాత బిల్లు ఏదైనా సవరించాల్సి వచ్చినప్పుడు దాని మీద కొత్త రేటు పడుతుంది. 194సి విషయంలో 2026 మార్చి 31తో పాత కేటగిరీ వరుస ముగిసిపోతుంది. ఏప్రిల్ 1 నుంచి 393 పేరుతో కొత్త కేటగిరీ తెరిచి, సప్లయర్ ఖాతాల్లో దాన్ని తగిలించడం నాకు నచ్చిన పద్ధతి. రిపోర్టులో పాతవి, కొత్తవి కలిసిపోవు. రిటర్న్ వేయనివాళ్లకు ఎక్కువ రేటు అని గతంలో ఒక కేటగిరీ పెట్టుకుని ఉంటే, ఆ 206ఏబీ నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి లేదు. దాన్ని మూసేయండి.

చివరగా సప్లయర్ ఖాతాలో `Tax Withholding Category` గడిలో సరైన కేటగిరీ ఎంచుకోండి. అప్పటి నుంచి ఆ సప్లయర్ బిల్లు తెరవగానే `Apply Tax Withholding Amount` టిక్కు తనంతట తానే పడుతుంది.

రెండు పరిమితుల లెక్క, ఒక సీజన్‌లో

చట్టం చెప్పేది ఇది. ఒక్క బిల్లు 30,000 దాటితే ఆ బిల్లు మీద కట్ చేయాలి. దాటకపోయినా, ఏడాదిలో ఆ పార్టీకి మొత్తం 1,00,000 దాటితే అన్నిటి మీదా కట్ చేయాలి. వినడానికి తేలికే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడినప్పుడే తికమక. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని ఒక మేస్త్రి, పాన్ నాలుగో అక్షరం `P`, నాలుగు బిల్లులు ఇచ్చాడనుకుందాం.

అక్టోబర్ 12న 24,000. ముప్పై వేలు దాటలేదు, మొత్తమూ దాటలేదు. కోత లేదు. నవంబర్ 5న 28,000. మొత్తం 52,000. ఇప్పుడూ లేదు. నవంబర్ 28న 36,000. ఈ బిల్లు ఒక్కటే 30,000 దాటింది కాబట్టి దీని మీద 1 శాతం, 360. మొత్తం 88,000 అయింది, లక్ష దాటలేదు కాబట్టి మొదటి రెండు బిల్లుల జోలికి పోనవసరం లేదు. డిసెంబర్ 20న 22,000. ఇది చిన్న బిల్లే, కానీ దీంతో మొత్తం 1,10,000 అయింది. ఇప్పుడు కోత ఈ 22,000 మీద, ఇంతవరకు కోత పడని 24,000, 28,000 మీద కూడా. అంటే 74,000 మీద 740. మేస్త్రికి చేతికిచ్చేది 21,260. ఇప్పటిదాకా కట్ అయింది 360, 740 కలిపి 1,100. 1,10,000కు సరిగ్గా 1 శాతం. లెక్క కుదిరింది.

ఇదే నాలుగు బిల్లులు టెస్ట్ కంపెనీలో వేసి చూడండి. నేను పనిచేసిన చోట నవంబర్ 28 బిల్లు దగ్గర సిస్టమ్ 360 కాదు, 880 చూపింది. 36,000 బిల్లు పరిమితి దాటగానే, అంతకుముందు కోత పడని 52,000నూ లాక్కొచ్చి మొత్తం 88,000 మీద 1 శాతం వేసింది. డిసెంబర్ బిల్లుకు 220 మాత్రమే పడింది. ఏడాది చివరికి 1,100 అయింది కదా అనొచ్చు. మేస్త్రి మాత్రం నవంబర్‌లోనే వచ్చి కూర్చున్నాడు: "ముప్పై ఆరు వేల బిల్లుకు ఎనిమిది వందల ఎనభై ఎట్ల కోస్తరు సార్? శాతం అంటే మూడు వందల అరవై కద!" అతని లెక్కే కరెక్టు. డిసెంబర్ బిల్లు రాకుండా సీజన్ ఆగిపోయి ఉంటే ఆ 520 ఊరికే కోసినట్టయ్యేది.

దీనికి ఇంకో కొస ఉంది. ఒకసారి కోత పడ్డాక, ఆ తర్వాత వచ్చే చిన్న బిల్లులన్నిటికీ, మొత్తం లక్ష దాటకపోయినా, సిస్టమ్ కట్ చేస్తూ పోతుంది. అలాగే సరిగ్గా 30,000 బిల్లు వేసి చూడండి. చట్టం "దాటితే" అంటుంది. సాఫ్ట్‌వేర్ సమానమైనా దాటినట్టే లెక్కపెట్టొచ్చు. ఇవన్నీ అప్‌డేట్‌ను బట్టి మారే విషయాలు కాబట్టి, మీ సిస్టమ్‌లో ఏం జరుగుతుందో ఈ బిల్లులతోనే తేల్చుకోండి. తేడా వస్తే, లక్ష లోపల ఉండే పార్టీల బిల్లుల్లో బిల్లు సేవ్ చేశాక పన్ను వరుసలో పడిన అంకెను ఒకసారి చూసి, తప్పుంటే టిక్కు తీసి చేత్తో వరుస వేయడమే మార్గం. ఇలాంటి పార్టీలు ఒక మిల్లుకు ఓ అరడజను ఉంటాయి, అంతే. సీజన్‌లో లక్ష దాటడం ఖాయమని ముందే తెలిసిన మేస్త్రికైతే మొదటి బిల్లు నుంచే కట్ చేయడం మేలు. అతనికి ముందే చెప్పి ఒప్పించండి. డిసెంబర్‌లో ఒక్కసారిగా పాత కోత పడితే గొడవ, మొదటి నుంచీ కొంచెం కొంచెం పడితే ఎవరికీ పట్టదు.

జీఎస్టీ ఉన్న కాంట్రాక్టర్ అయితే బిల్లులో జీఎస్టీ విడిగా చూపి ఉన్నప్పుడు దాని మీద టీడీఎస్ వద్దు. ప్రెస్ రిపేరుకు 50,000, దానిపై 18 శాతం జీఎస్టీ 9,000 అంటే కోత 50,000 మీదే. పార్టీ కంపెనీ అయితే 1,000. ఇక్కడ 1,180 కనిపిస్తే, బిల్లు ఎంట్రీలో జీఎస్టీని పన్ను వరుసలో కాకుండా వస్తువు ధరలో కలిపేశారని అర్థం.

లారీల గురించి ఒక్క మాట. పదికి మించి గూడ్స్ బండ్లు లేని ట్రాన్స్‌పోర్టర్, పాన్‌తో పాటు ఆ సంగతి రాసి సంతకం పెట్టి ఇస్తే కోత లేదు. కానీ ఆ చెల్లింపులు కూడా మూడు నెలల రిటర్న్ 26క్యూలో `T` కోడ్‌తో చూపాలి. ఆ కాగితాన్ని స్కాన్ చేసి సప్లయర్ ఖాతాకే అటాచ్ చేయండి.

దసరా అడ్వాన్సు

మేస్త్రి దసరాకు ముందు 50,000 అడ్వాన్సు అడుగుతాడు. బిల్లు ఇంకా రాలేదు కదా అని చాలామంది కట్ చేయరు. బిల్లు ఖాతాలో పడటం, డబ్బు చేతికివ్వడం, ఈ రెండిట్లో ఏది ముందైతే అప్పుడే కోత. అడ్వాన్సు ముందు కాబట్టి అక్కడే 500 కట్ కావాలి.

`Payment Entry`లో `Apply Tax Withholding Amount` టిక్కు పెట్టి కేటగిరీ ఎంచుకోండి. సేవ్ చేశాక `Paid Amount After Tax` దగ్గర 49,500 కనిపించాలి. బ్యాంకు నుంచి పోయేది కూడా అంతే. తర్వాత బిల్లు వచ్చినప్పుడు అందులో `Get Advances Paid` నొక్కి ఆ అడ్వాన్సును తగిలించాలి. ఇది మర్చిపోతే సిస్టమ్ దృష్టిలో అడ్వాన్సు వేరు, బిల్లు వేరు. అదే 50,000 మీద రెండోసారి కోత పడుతుంది. మేస్త్రి ఖాతా స్టేట్‌మెంట్‌లో అడ్వాన్సు అలాగే వేలాడుతూ ఉండటమే దీనికి గుర్తు.

తక్కువ కోత సర్టిఫికెట్

పెద్ద కాంట్రాక్టర్లు కొందరు సెక్షన్ 197 కింద ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. నాకు 2 శాతం కాకుండా 0.25 శాతమే కట్ చేయండి అని. మెయిల్‌లో పీడీఎఫ్ వచ్చింది కదా అని రేటు మార్చేయకండి. ముందు ఆదాయపు పన్ను శాఖ వారి టీడీఎస్ సైట్ ట్రేసెస్‌లో ఆ సర్టిఫికెట్ నంబర్ వేసి సరిచూడండి. పాన్, మీ మిల్లు టాన్, సెక్షన్, రేటు, ఎంత మొత్తం దాకా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఇవన్నీ కలవాలి. వేరే మిల్లు టాన్ మీద ఇచ్చింది మీకు పనికిరాదు.

సప్లయర్ కేటగిరీని ముట్టుకోవద్దు. `Lower Deduction Certificate` అనే విడి ఎంట్రీ ఉంది. అందులో సర్టిఫికెట్ నంబర్, సప్లయర్, కేటగిరీ, రేటు, తేదీలు, మొత్తం పరిమితి నింపండి. తేదీ విషయంలో పట్టుగా ఉండండి. నవంబర్ 10న ఇచ్చిన సర్టిఫికెట్ అక్టోబర్ బిల్లులకు వర్తించదు. కాంట్రాక్టర్ ఎంత బతిమాలినా సరే.

పరిమితి అయిపోయే బిల్లు దగ్గర ఒకసారి చేత్తో లెక్క వేసి చూడండి. సర్టిఫికెట్ పరిమితి 15,00,000, అందులో 14,60,000 వాడేశారు, ఇప్పుడు 1,00,000 బిల్లు వచ్చింది. మిగిలిన 40,000 మీద 0.25 శాతం అంటే 100. మిగతా 60,000 మీద 2 శాతం అంటే 1,200. ఈ బిల్లుకు కోత 1,300. సిస్టమ్ 250 చూపితే పరిమితి గడిలో మొత్తం సరిగ్గా వేశారో లేదో చూడండి. 2,000 చూపితే తేదీ కానీ కేటగిరీ కానీ కలవలేదు.

నెలాఖరు, 16ఏ

నెల కాగానే `Tax Withholding Details` రిపోర్టు తీయండి. అందులోని కోత మొత్తం, లెడ్జర్‌లో ఆ నెల జమ ఒకటే కావాలి. తేడా ఉంటే ఎవరైనా జర్నల్ ఎంట్రీతో టీడీఎస్ వేశారేమో చూడండి. తర్వాతి నెల 7లోపు చలాన్ కట్టాలి. మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30 దాకా. ఒక్కరోజు జాప్యం అంటే ఒక్కరోజు వడ్డీ అనుకోకండి. నవంబర్ 28న కోసింది డిసెంబర్ 8న కడితే నవంబర్ ఒక నెల, డిసెంబర్ ఒక నెల, మొత్తం 3 శాతం వడ్డీ. పేమెంటు కోసం సేటు సంతకం 5వ తేదీకే పెట్టించుకోండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉన్న 26క్యూ గడువు జనవరి 31. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు, గరిష్ఠంగా ఆ రిటర్న్‌లోని టీడీఎస్ మొత్తం దాకా. మన మేస్త్రి విషయంలో డిసెంబర్ 20 కోతకు ఎదురుగా 22,000 అని కాకుండా 74,000 అని చూపండి. అప్పుడే నవంబర్ 36,000తో కలిసి 1,10,000 అవుతుంది. లేకపోతే పన్ను శాఖ దగ్గర అతని ఖాతాలో 58,000 ఆదాయానికి 1,100 పన్ను కనిపిస్తుంది. తక్కువ కోత సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు `A` కోడ్, సర్టిఫికెట్ నంబర్ తప్పక ఇవ్వాలి. ఇవ్వకపోతే తక్కువ కట్ చేశారని నోటీసు వస్తుంది.

16ఏ సర్టిఫికెట్‌ను ఈఆర్‌పీలో ప్రింట్ డిజైన్ చేసి ఇస్తామని కొందరు అడుగుతారు. అది చెల్లదు. రిటర్న్ ఆమోదం పొందాక ట్రేసెస్ నుంచి దించుకున్నదే ఇవ్వాలి, రిటర్న్ గడువు తర్వాత 15 రోజుల్లో, అంటే ఈ మూడు నెలలకు ఫిబ్రవరి 15లోపు. ఈఆర్‌పీ పని అంతకుముందే అయిపోతుంది. దించిన 16ఏ పీడీఎఫ్‌ను సప్లయర్ ఖాతాకు అటాచ్ చేసి, అందులో 1,100 ఉందో లేదో ఒకసారి చూసి, మేస్త్రి వాట్సాప్‌కు పంపండి. ఏడాది చివర రిటర్న్ వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి అతనికి కావాల్సిన కాగితం అదే.